తెల్లారేదాకా నిలబెట్టినా పోని క్లోరిన్

హైదరాబాద్‌లో ఇంట్లో చేపలు పెంచేవాళ్లలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. అక్వేరియంలో నీళ్లు మార్చాలనుకున్న ముందురోజు రాత్రే రెండు బకెట్ల నల్లా నీళ్లు పట్టి, మూత పెట్టకుండా బాల్కనీలో వదిలేస్తారు. తెల్లారేసరికి వాసన పోతుంది. ఆ నీళ్లు తొట్టిలో పోస్తారు, చేపలు హాయిగా తిరుగుతాయి. అదే మనిషి ఉద్యోగం మీద డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకో ప్లేనోకో వెళ్లి, అక్కడా చేపల తొట్టి పెట్టుకుని, అదే పద్ధతిలో నీళ్లు నిలబెట్టి పోస్తే కథ మారుతుంది. కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం తన్నుకులాడతాయి. నీళ్లు ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు నిలబెట్టినా పెద్ద తేడా ఉండదు.

కారణం ఒక్కటే. హైదరాబాద్ నల్లాలో మిగిలి ఉండేది క్లోరిన్. ఉత్తర టెక్సస్ కుళాయిలో ఏడాదిలో ఎక్కువకాలం మిగిలి ఉండేది క్లోరమిన్. పేర్లు దగ్గరగా ఉన్నా నీళ్లలో వాటి నడవడి వేరు, చేప ఒంట్లో చేసే హాని కూడా వేరు.

ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. శుద్ధి కేంద్రంలోనే క్రిములను చంపేశాక, ఇంటిదాకా మందు మిగిలి ఉండాల్సిన అవసరం ఏముంది? కేంద్రం గేటు దాటాక నీళ్లు ఎన్నో కిలోమీటర్లు గొట్టాల్లో ప్రయాణం చేస్తాయి. మధ్యలో రిజర్వాయర్లలో ఆగుతాయి. మన నగరాల్లో నీళ్లు రోజంతా రావు. చాలాచోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఎక్కడ చిన్న పగులున్నా బయటి మురుగును గొట్టమే లోపలికి లాగేసుకుంటుంది. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి మనుషులు చనిపోయింది ఇలాంటి మురుగు కలయిక వల్లే. శుద్ధి కేంద్రంలో నీళ్లు ఎంత బాగున్నా దారిలో కలిసినదాన్ని ఎదుర్కోవాలంటే, నీళ్లతో పాటు కొంత మందు కూడా నల్లాదాకా రావాలి. దాన్నే అవశేష క్లోరిన్ అంటారు.

ఈ అవశేషం రెండు పనులు చేస్తుంది. కొద్దిపాటి కాలుష్యం కలిస్తే దాన్ని అక్కడికక్కడే చంపుతుంది. కాలుష్యం ఎక్కువైతే తానే ఖర్చయిపోయి, పరీక్షలో సున్నాగా కనిపించి, ఆ వీధిలో ఏదో జరిగిందని చెబుతుంది. అందుకే జలమండలి సిబ్బంది నల్లాల దగ్గర క్లోరోస్కోప్ పట్టుకుని నీళ్లలో రసాయనం చుక్కలు వేసి పసుపు రంగు వస్తోందా అని చూస్తారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వినియోగదారు దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ ఉండాలి. వైరస్‌ల నుంచి కాపాడాల్సిన పరిస్థితి ఉంటే అది కనీసం 0.5 ఉండాలి.

స్వేచ్ఛా క్లోరిన్ అంటే వేటితోనూ జతకట్టకుండా ఉన్న క్లోరిన్. క్లోరిన్ వాయువు నీళ్లలో కరగగానే హైపోక్లోరస్ ఆమ్లం అవుతుంది. క్రిముల్ని చంపే అసలు సరుకు ఇదే. ఇది చురుకైనది, ఆ చురుకుదనమే దీని బలహీనత కూడా. గొట్టం గోడల తుప్పు, పాచి, నీళ్లలో కరిగిన ఆకుల సారం, దేనితోనైనా ఇట్టే చర్య జరిపి ఖర్చయిపోతుంది. ఎండాకాలంలో ఇంకా తొందరగా పోతుంది. అందుకే నగరం పెద్దదైతే శుద్ధి కేంద్రంలో ఒకసారి కలిపింది చాలదు, దారిలో రిజర్వాయర్ల దగ్గర మళ్లీ కలపాల్సి వస్తుంది. బకెట్‌లో పట్టి ఉంచిన నీళ్లకు గాలీ వెలుతురూ తగిలితే, చివరి నల్లాలో ఉండే ఆ కొద్దిపాటి క్లోరిన్ ఒక రోజులో చాలావరకు పోయేది ఇందుకే. హైదరాబాద్ బకెట్ చిట్కా పనిచేయడానికి ఇదే ఆధారం.

ఆకుల సారంతో చర్య జరిపినప్పుడు ఇంకో చిక్కు ఉంది. ట్రైహాలోమీథేన్లు అనే పదార్థాలు పుడతాయి. వాటిలో క్లోరోఫామ్ ఒకటి. ఏళ్ల తరబడి తాగితే క్యాన్సర్ ముప్పు పెంచవచ్చన్న అనుమానంతో అమెరికాలో వీటికి లీటరుకు 80 మైక్రోగ్రాముల పరిమితి పెట్టారు. చెరువుల, జలాశయాల నీళ్లను వాడి, పెద్ద ప్రాంతానికి పొడవాటి గొట్టాల్లో పంపే సంస్థలకు ఈ పరిమితి ఇబ్బందైంది. అందుకని వాటిలో చాలా సంస్థలు క్లోరమిన్‌కు మారాయి. శాన్‌ఫ్రాన్సిస్కో 2004లో మారింది. లవాన్ జలాశయం వంటి వాటి నీళ్లను ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్ వంటి ఊళ్లకు ఇచ్చే ఉత్తర టెక్సస్ జల సంస్థ వాడేదీ ఇదే. అక్కడ వేలాది తెలుగు కుటుంబాలున్నాయి.

క్లోరమిన్ చేయడం పెద్ద కష్టం కాదు. క్లోరిన్ కలిపిన నీళ్లలో కొలిచి కొంత అమ్మోనియా కలుపుతారు. నత్రజని లెక్కలో ఒక పాలు అమ్మోనియాకు నాలుగైదు పాళ్ల క్లోరిన్. రెండూ జతకట్టి మోనోక్లోరమిన్ అవుతాయి. రసాయన శాస్త్రంలో దాన్ని NH2Cl అని రాస్తారు. ఇది నిదానమైనది. ఆకుల సారంతో పెద్దగా తలపడదు, కాబట్టి ట్రైహాలోమీథేన్లు బాగా తగ్గుతాయి. రోజుల తరబడి గొట్టంలో నిలుస్తుంది, ఊరి చివరి ఇంటిదాకా అందుతుంది. ఆ నిదానానికి మూల్యమూ ఉంది. 20 డిగ్రీల నీళ్లలో వైరస్‌లను పదివేలలో ఒకటి మాత్రమే మిగిలేలా చంపడానికి, అమెరికా పర్యావరణ సంస్థ పట్టికల ప్రకారం, లీటరుకు ఒక మిల్లీగ్రాము స్వేచ్ఛా క్లోరిన్‌కు 3 నిమిషాలు చాలు. అంతే క్లోరమిన్‌కు 746 నిమిషాలు, అంటే పన్నెండు గంటలు దాటి పడుతుంది. అందుకే చాలాచోట్ల మొదటి దెబ్బకు చురుకైన క్లోరిన్‌నో ఓజోన్‌నో వాడి, దారిలో కాపలాకు మాత్రమే క్లోరమిన్‌ను పెడతారు.

ఇక చేపల సంగతి. మనం క్లోరమిన్ ఉన్న నీళ్లు తాగితే అది కడుపులోనే విరిగిపోతుంది, రక్తందాకా చేరదు. టెక్సస్‌లో కుళాయి నీళ్లలో లీటరుకు 4 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, జనం తాగుతూనే ఉన్నారు. చేప నీళ్లను తాగదు, వాటిలో ఊపిరి పీలుస్తుంది. మొప్పల్లో నీటికీ రక్తానికీ మధ్య ఉండేది చాలా పలుచటి పొర. స్వేచ్ఛా క్లోరిన్ ఆ పొరనే కాల్చేస్తుంది. మొప్పలు వాచి, జిగురు పేరుకుని, ఆక్సిజన్ లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. క్లోరమిన్ ఆ పొరను దాటి రక్తంలోకి వెళుతుంది. అక్కడ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథీమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేపకు ఊపిరాడదు. చచ్చిన చేప మొప్ప పైకెత్తి చూస్తే ఎర్రగా కాక గోధుమ రంగులో కనిపించవచ్చు.

ఈ విషయంలో చేపకు తోడుగా మనుషుల్లో ఒక వర్గముంది: డయాలసిస్ రోగులు. ఒక్క విడత డయాలసిస్‌లో దాదాపు 120 లీటర్ల నీళ్లు, మధ్యలో ఒక పలుచటి పొర మాత్రమే ఉండగా, రోగి రక్తం పక్క నుంచి పారతాయి. అందుకే డయాలసిస్ కేంద్రాలు నీళ్లను రెండు బొగ్గు ట్యాంకుల గుండా వరసగా పంపి, మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకుండా చూస్తాయి. నగరం క్లోరిన్ నుంచి క్లోరమిన్‌కు మారేటప్పుడు జల సంస్థలు ముందుగా హెచ్చరించేది ఈ ఇద్దరినే, డయాలసిస్ కేంద్రాలనూ చేపలు పెంచేవాళ్లనూ.

చేపలకు ఎంత వరకు పరవాలేదు? మంచినీటి జీవులకు అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన గీత, ఒక గంట పాటైతే లీటరుకు 19 మైక్రోగ్రాములు, నాలుగు రోజుల పాటైతే 11 మైక్రోగ్రాములు. నల్లాలో మనం కోరుకునే కనీసపు 0.2 మిల్లీగ్రాములు అంటే 200 మైక్రోగ్రాములు. మనిషి తాగడానికి సురక్షితం అనిపించే కనీస మోతాదే చేప గీతకు పదిరెట్లు పైన ఉంది. చేపలు పెంచేవాళ్లకు లెక్క ఒక్కటే: తొట్టిలోకి పోసే నీళ్లలో పరీక్షకు దొరికేంత క్లోరిన్ ఉండకూడదు.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఫ్రిస్కోలో ఒక ఇంట్లో 200 లీటర్ల తొట్టి. వారం వారం 60 లీటర్లు తీసి కొత్తవి పోస్తారు. కుళాయిలో క్లోరమిన్, క్లోరిన్ లెక్కలో, లీటరుకు 3 మిల్లీగ్రాములు అనుకుందాం. 60 లీటర్లలో మొత్తం 180 మిల్లీగ్రాములు. దీన్ని విరచడానికి మన అక్వేరియం దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికేదీ, పాత ఫొటో స్టూడియోల వాళ్లు హైపో అని పిలిచేదీ ఒకటే స్ఫటికం, సోడియం థయోసల్ఫేట్. మిల్లీగ్రాము క్లోరిన్‌కు ఏడు మిల్లీగ్రాముల హైపో వేస్తే భద్రం. అంటే 60 లీటర్లకు 1.26 గ్రాములు. నీళ్లలో కలిపిన కొద్దిసేపట్లోనే క్లోరిన్ పోతుంది.

అయితే క్లోరమిన్‌లో క్లోరిన్ ఒక్కటే లేదు. క్లోరిన్‌ను హైపో లాగేసుకోగానే దానితో జతకట్టిన అమ్మోనియా విడిపడి నీళ్లలో మిగులుతుంది. 3 మిల్లీగ్రాముల క్లోరమిన్ నుంచి, నత్రజని లెక్కలో, దాదాపు 0.6 మిల్లీగ్రాముల అమ్మోనియా వస్తుంది. 60 లీటర్లలోది 200 లీటర్లకు పలచబడితే 0.18 అవుతుంది. ఇందులో చేపను బాధించేది విద్యుదావేశం లేని అమ్మోనియా మాత్రమే. అది ఎంత శాతమో నీళ్ల పీహెచ్‌ను బట్టి ఉంటుంది. 26 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 అయితే వందలో ఒక వంతుకూడా కాదు, పీహెచ్ 8 అయితే దాదాపు ఆరు శాతం. పీహెచ్ 8 అనుకున్నా 0.18లో ఆరు శాతమంటే 0.01. చేపలను పీడించడం మొదలయ్యేది 0.02 నుంచి 0.05 మధ్య. కాబట్టి గండం గడిచింది. ఆ మిగిలిన అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా తినేస్తుంది.

ఇదే మనిషి తొట్టి మురికిగా ఉందని ఒకే రోజు నీళ్లన్నీ మార్చేస్తే? అప్పుడు పలచబడేది ఏమీ లేదు. 0.6లో ఆరు శాతం 0.035 దాకా వస్తుంది, అంటే ప్రమాదపు గీత దాటినట్టే. కొత్తగా పెట్టిన తొట్టి అయితే తినడానికి బ్యాక్టీరియా కూడా ఉండదు. క్లోరమిన్ ఊళ్లో రెండు జాగ్రత్తలు అందుకే. ఒకటి, ఒకసారికి మూడో వంతుకు మించి మార్చకపోవడం. రెండు, ఎక్కువ మార్చక తప్పకపోతే ఉత్త హైపో కాక, విడిపడిన అమ్మోనియాను కూడా కట్టిపడేసే రకం మందు వాడటం. కుళాయి పైపును నేరుగా తొట్టిలో పెట్టి నింపేవాళ్లు ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. మందు నీళ్లకన్నా ముందు పడాలి, అది కొత్త నీళ్ల కొలతకు కాక తొట్టి మొత్తం కొలతకు వేయాలి. లేకపోతే పైపు దగ్గరున్న చేప మందు కలవని నీళ్లలో చిక్కుకుంటుంది.

నీళ్లు మరిగిస్తే పోదా, ఇంట్లోని ఆర్‌ఓ మిషన్ నీళ్లు పోయకూడదా అని అడుగుతారు. మరిగిస్తే క్లోరమిన్ తగ్గుతుంది కానీ చాలాసేపు పడుతుంది, 60 లీటర్లను మరిగించేవాళ్లెవరూ ఉండరు. ఆర్‌ఓ పొర ఒక్కటే దీన్ని నమ్మకంగా ఆపదు. ఆపాల్సింది దాని ముందున్న బొగ్గు ఫిల్టర్. మామూలు బొగ్గు క్లోరమిన్‌ను ఆపాలంటే నీళ్లు దాని గుండా నెమ్మదిగా వెళ్లాలి, వేగంగా పారితే చాలా క్లోరమిన్ తప్పించుకుంటుంది. పైగా ఆర్‌ఓ నీళ్లలో లవణాలు పోతాయి కాబట్టి వాటిని ఒక్కటే పోస్తే చేపలకు వేరే ఇబ్బందులు వస్తాయి.

నీళ్లలో ఏముందో తెలుసుకునే దారి కష్టమైనది కాదు, కానీ ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. స్విమ్మింగ్‌పూల్ దుకాణంలో దొరికే కొన్ని కాగితం పట్టీలు స్వేచ్ఛా క్లోరిన్‌ను మాత్రమే చూపిస్తాయి. క్లోరమిన్ నీళ్లలో ముంచితే దాదాపు సున్నా చూపిస్తాయి. క్లోరిన్ లేదనుకుని నీళ్లు పోసేస్తారు, లోపల 3 మిల్లీగ్రాములు ఉంటుంది. కావాల్సింది మొత్తం క్లోరిన్‌ను కొలిచే పరీక్ష. డీపీడీ కిట్‌లో రెండు మెట్లుంటాయి. మొదటి మందు వేస్తే వచ్చే గులాబీ రంగు స్వేచ్ఛా క్లోరిన్ కొలత. అందులోనే రెండో మందు వేస్తే రంగు ముదురుతుంది, అది మొత్తం. రెండింటి తేడాయే క్లోరమిన్. మొదటి రంగును ఒక నిమిషంలోపే చూడాలి. ఎక్కువసేపు వదిలితే క్లోరమిన్ కూడా మెల్లగా రంగు పెంచి, లేని స్వేచ్ఛా క్లోరిన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది.

ఉత్తర టెక్సస్‌లో ఏటా వసంతం మొదట్లో, మామూలుగా మార్చిలో, ఈ పరీక్ష ఫలితం తలకిందులవుతుంది. కారణం క్లోరమిన్‌లోని అమ్మోనియాయే. దాన్ని తిని బతికే బ్యాక్టీరియా గొట్టాల గోడల మీద పెరిగి, అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, దాంతో మిగిలిన క్లోరమిన్ కూడా తరిగిపోతుంది. ఊరి చివర్లో అవశేషం పడిపోవడం మొదలవుతుంది. అందుకని దాదాపు నాలుగు వారాల పాటు అమ్మోనియా కలపడం ఆపి, నీళ్లను ఉత్త స్వేచ్ఛా క్లోరిన్‌తో పంపుతారు. తిండి ఆగి, పైన చురుకైన క్లోరిన్ పడేసరికి ఆ బ్యాక్టీరియా చస్తుంది. తర్వాత మళ్లీ క్లోరమిన్. ఆ వారాల్లో కుళాయి విప్పగానే బ్లీచింగ్ వాసన కొడుతుంది. 2018లో ప్లేనో, ఫ్రిస్కో వాసులు దీని మీద గట్టిగా ఆందోళన చేశారు, ఎరిన్ బ్రాకోవిచ్ కూడా ప్రస్తావించడంతో అది పెద్ద వార్తయింది.

చేపల తొట్టి ఉన్నవాళ్లకు ఆ నెలలో రెండు తేడాలు. కాగితం పట్టీ హఠాత్తుగా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఇప్పుడున్నది అది కొలవగలిగిన రకం. హైపో వేశాక అమ్మోనియా మిగలదు. హైపో మోతాదు మాత్రం మొత్తం క్లోరిన్‌ను బట్టే కనుక పెద్దగా మారదు. నెల తర్వాత క్లోరమిన్ తిరిగి వచ్చిందని మరిచిపోతేనే ప్రమాదం.

తెలుగు రాష్ట్రాల్లో నగరాలు కలిపేది క్లోరినే అయినా, క్లోరమిన్ ఎవరూ కలపకుండానే పుట్టే సందర్భం ఒకటుంది. ముడి నీళ్లలో మురుగు వల్ల అమ్మోనియా ఉంటే, కలిపిన క్లోరిన్ ముందు దానితోనే జతకడుతుంది. ఢిల్లీలో యమున నీళ్లలో అమ్మోనియా పెరిగినప్పుడల్లా శుద్ధి కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకునేది ఇందుకే. నత్రజని లెక్కలో ఒక మిల్లీగ్రాము అమ్మోనియాను పూర్తిగా వదిలించడానికే దాదాపు 7.6 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి, ఆ తర్వాత కలిపిందే స్వేచ్ఛగా మిగులుతుంది. అపార్ట్‌మెంట్ సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలిసినప్పుడు కూడా, వాటిలో ఏదో ఒకదాంట్లో అమ్మోనియా ఉంటే ఇదే జరగొచ్చు. ఎవరో సంపులో బ్లీచింగ్ పౌడర్ కొలవకుండా చల్లిన రోజైతే బకెట్ ఒక రాత్రి నిలబెట్టినా చాలదు.

పోసిన నీళ్లే కారణమని ఎలా తెలుస్తుంది? రోగమైతే రోజుల మీద ఒక్కో చేపను పడుతుంది. క్లోరిన్, క్లోరమిన్ అయితే నీళ్లు మార్చిన నిమిషాల్లోనో గంటల్లోనో తొట్టంతా ఒకేసారి వేగంగా మొప్పలాడిస్తుంది, పైకి తేలుతుంది, కొన్ని పిచ్చిగా దూసుకెళతాయి. వెంటనే తొట్టి మొత్తం కొలతకు హైపో కలిపి గాలి పంపు గట్టిగా తిప్పాలి. చేపలు తేరుకున్నాక కూడా వారం రోజులు అమ్మోనియా పరీక్ష చేస్తూ ఉండాలి. ఎందుకంటే ఆ క్లోరిన్ ఫిల్టర్ స్పాంజిలోని మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీసి ఉండొచ్చు, రెండో విడత చావులు మూడో రోజు నుంచి అమ్మోనియా వల్ల వస్తాయి. స్పాంజిని ఎప్పుడూ నల్లా కింద కడగకుండా, తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండమనేది ఇందుకే.

ఇల్లు మారినా, ఊరు మారినా, నీళ్ల సరఫరా మారినా మొదటి బకెట్‌కు డీపీడీ రెండు మెట్ల పరీక్ష చేయండి. రెండో మెట్టులో రంగు ముదరకపోతే మీ దగ్గరున్నది ఉత్త క్లోరిన్. దానికి హైపో చాలు, నిలబెట్టడమూ పనికొస్తుంది, కానీ పోసేముందు సున్నా అయిందో లేదో చూసుకోవాలి. ముదిరితే క్లోరమిన్ ఉంది. ఇక బకెట్ నిలబెట్టడం మానేసి, మొత్తం క్లోరిన్ కొలతకు మందు వేసి, మూడో వంతుకు మించి మార్చకుండా, మర్నాడు ఒకసారి అమ్మోనియా చూడటం అలవాటు చేసుకోవాలి.